మారకం ఒక్కసారే: విదేశీ చదువుకు ఫారెక్స్ కార్డు

ఫారెక్స్ కార్డు అంటే రూపాయలు కట్టి విదేశీ డబ్బును ముందుగానే కొని, అందులో నింపుకొని వాడుకునే ప్రీపెయిడ్ కార్డు. చూడటానికి మామూలు డెబిట్ కార్డులాగే ఉంటుంది. వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తు, చిప్, పదహారు అంకెల నంబరు, నాలుగంకెల పిన్ అన్నీ ఉంటాయి. తేడా లోపల ఉంది. డెబిట్ కార్డు వెనుక రూపాయల ఖాతా ఉంటుంది కాబట్టి విదేశంలో గీకిన ప్రతిసారీ ఆ రోజు రేటుకు రూపాయలు విదేశీ డబ్బుగా మారతాయి, ప్రతిసారీ బ్యాంకు దాని మీద కొంత శాతం తీసుకుంటుంది. ఫారెక్స్ కార్డులో మారకం డబ్బు నింపిన రోజునే జరిగిపోతుంది. ఆ తర్వాత అందులో ఉండేవి పౌండ్లో, డాలర్లో, యూరోలో తప్ప రూపాయలు కావు. నెల తర్వాత రూపాయి పడిపోయినా కార్డులోని 500 పౌండ్లు 500 పౌండ్లుగానే ఉంటాయి.

ఈ కార్డుతో లాభమంతా ఆ ఒక్క మారకంతోనే పని ముగియడంలో ఉంది. కార్డు వల్ల నష్టపోయినవారి కథలు విప్పి చూస్తే, చాలావాటిలో వాళ్లకు తెలియకుండా రెండోసారి, ఒక్కోసారి మూడోసారి మారకం జరిగి ఉంటుంది. అది ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలంటే కార్డు నింపే దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

హనుమకొండ నుంచి ఇంగ్లండులోని లీడ్స్ నగరానికి ఒక ఏడాది ఎమ్మెస్సీ చదవడానికి 2025 సెప్టెంబరులో బయల్దేరిన ఒక అమ్మాయిని ఉదాహరణగా తీసుకుందాం. చదువు ఫీజు 18,000 పౌండ్లు. దాన్ని తండ్రి తన పొదుపులోంచి బ్యాంకు ద్వారా నేరుగా విశ్వవిద్యాలయానికి పంపారు. అలా పంపడమే సరైన పద్ధతి కూడా. పెద్ద మొత్తాలకు బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపడం ఉంది, కార్డు ఉన్నది రోజువారీ ఖర్చుకు. వెళ్లగానే గది అద్దె, దుప్పట్లు, బస్సు, సరుకులు, మొదటి రెండు నెలల తిండి వంటివాటికి 1,500 పౌండ్లు కార్డులో నింపాలని ఆ ఇంట్లో అనుకున్నారు. దారి ఖర్చుకు మరో 200 పౌండ్లు నోట్లుగా తీసుకున్నారు. చాలా దేశాలకు వెళ్లేవారు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ వరకే నోట్లు తీసుకెళ్లవచ్చని రిజర్వు బ్యాంకు నియమం. మిగతాది కార్డు వంటి రూపాల్లో ఉండాలి.

ఈ కార్డులను విదేశీ మారకం జరపడానికి అనుమతి ఉన్న బ్యాంకులు జారీ చేస్తాయి. ఆ బ్యాంకులతో ఒప్పందం ఉన్న మనీ చేంజర్ల దగ్గర కూడా దొరుకుతాయి. అడిగే కాగితాలు దాదాపు అంతటా ఒకటే: పాస్‌పోర్టు, వీసా, పాన్, విశ్వవిద్యాలయం ఇచ్చిన ప్రవేశ పత్రం. అమెరికా వెళ్లేవారికి ఆ పత్రం ఐ-20, బ్రిటన్ వెళ్లేవారికి క్యాస్. వీటితో పాటు ఏ-2 అనే ఫారం నింపి సంతకం చేయాలి. రూపాయల మొత్తం 50,000 దాటితే నోట్ల కట్టలు తీసుకోరు. ఖాతా నుంచి బదిలీ, చెక్కు, డ్రాఫ్టు, కార్డు వంటి మార్గాల్లోనే చెల్లించాలి.

ఏ-2 ఫారంలో డబ్బు ఎందుకు కొంటున్నారో తెలిపే కోడ్ ఒకటి ఉంటుంది. చదువు కోసం వెళ్లేవారికి అది S0305. కౌంటరులో కూర్చున్న కుర్రవాడు హడావుడిలో మామూలు విహారయాత్ర కోడ్ వేశాడంటే పన్ను లెక్క మారిపోతుంది. అదెలాగో కాస్త ముందుకెళ్లాక తెలుస్తుంది. సంతకం పెట్టేముందు ఈ ఒక్క గడిని వేలు పెట్టి చదవాలి.

ఇప్పుడు అసలు లెక్క. విదేశీ డబ్బుకు ఒకే ధర అంటూ ఉండదు. బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే మార్కెట్ రేటు ఒకటి, కార్డులో నింపడానికి అమ్మే రేటు ఒకటి, నోట్లు అమ్మే రేటు మరొకటి, తిరిగి కొనేటప్పుడు ఇచ్చే రేటు ఇంకొకటి. సాధారణంగా నోట్ల కన్నా కార్డు రేటు చవక. నోట్లను దేశం దాటించి తెప్పించాలి, దాచాలి, కాపలా కాయాలి, కార్డులోని అంకెలకు ఆ ఖర్చు లేదు. లెక్క సులువుగా ఉండటానికి ఆ రోజు మార్కెట్లో పౌండు 118 రూపాయలని, బ్యాంకు కార్డు రేటు 120 అని అనుకుందాం. 1,500 పౌండ్లకు 1,80,000 రూపాయలు.

దీని మీద జీఎస్టీ ఉంటుంది. అయితే మొత్తం 1,80,000 మీద 18 శాతం కాదు. చట్టం మారకపు సేవకు ఒక విలువను లెక్కగట్టి దాని మీద పన్ను వేస్తుంది. మొదటి లక్షకు ఆ విలువ 1,000 రూపాయలు. లక్ష దాటి పది లక్షల వరకు ఉన్న భాగంలో అర శాతం. ఇక్కడ 80,000 మీద అర శాతం 400, కలిపి 1,400. దాని మీద 18 శాతం అంటే 252 రూపాయలు. కార్డు జారీ రుసుము 300 అనుకుంటే దాని మీద జీఎస్టీ 54. బిల్లులో కనిపించే ఖర్చులన్నీ కలిపి 606 రూపాయలు. కనిపించని ఖర్చు రేటులో ఉంది. పౌండుకు రెండు రూపాయల చొప్పున 3,000. కార్డు ఉచితమని చెప్పి 300 వదులుకున్న సంస్థ రేటును ఇంకో అర్ధరూపాయి పెంచితే 750 తిరిగి లాగేసుకున్నట్టే. అందుకే రెండు చోట్ల విచారించేవారు ‘రుసుము ఎంత’ అని కాకుండా, ‘అన్నీ కలిపి 1,500 పౌండ్లకు నేను ఎంత కట్టాలి’ అని అడిగి ఆ ఒక్క అంకెనే పోల్చాలి. మన ఉదాహరణలో అది 1,80,606. పౌండుకు 120 రూపాయల 40 పైసలు పడింది.

దీని మీద టీసీఎస్ అనే మరో వసూలు ఉండవచ్చు. విదేశాలకు ఒక వ్యక్తి పంపే డబ్బునంతా ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఆయన పాన్ మీద కూడతారు. ఈ పథకాన్ని ఎల్‌ఆర్‌ఎస్ అంటారు, ఏడాదికి పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. కార్డులో నింపినదీ అందులోకే వస్తుంది. 2025–26 లెక్కల ప్రకారం ఆ మొత్తం పది లక్షల రూపాయలు దాటితే, సొంత డబ్బుతో చదువుకు పంపేదాని మీద దాటిన భాగంలో 5 శాతం బ్యాంకు ముందుగానే పట్టుకునేది. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న విద్యా రుణంతో పంపితే పట్టుకోదు. చదువు కాని ప్రయాణమైతే ఆ శాతం 20. S0305 బదులు వేరే కోడ్ పడితే వచ్చే చిక్కు ఇదే. ఫీజు కట్టేటప్పుడే ఆ తండ్రి 21,60,000 పంపి పది లక్షల గీత దాటేశారు. అందుచేత కార్డులో నింపిన 1,80,000 మొత్తం మీద 5 శాతం, అంటే 9,000 రూపాయలు అదనంగా కట్టాల్సి వచ్చింది. పొరపాటు కోడ్‌తో అది 36,000 అయ్యేది. ఇది పోయిన డబ్బు కాదు. ఫారం మీద ఉన్న పాన్‌కు ఆదాయపు పన్ను ఖాతాలో జమగా కనిపిస్తుంది, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా వాపసు వస్తుంది. కానీ బయల్దేరే వారంలో చేతిలో ఉండాల్సిన 36,000 వచ్చే ఏడాదికి వాయిదా పడటం ఏ ఇంటికైనా కష్టమే. రేట్లు, పరిమితులు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి నింపే ఏడాది లెక్కను బ్యాంకులోనే అడిగి తెలుసుకోవాలి.

డబ్బు కట్టిన వెంటనే కార్డులో పడుతుందని అనుకోకూడదు. మారకపు మార్కెట్ శని, ఆదివారాలు నడవదు. శుక్రవారం సాయంత్రం కట్టి ఆదివారం విమానం ఎక్కినవారికి దిగాక కార్డులో సున్నా కనిపించే ప్రమాదం ఉంది. కనీసం నాలుగైదు పని దినాల ముందు నింపి, యాప్‌లో నిల్వ చూసుకొని, పిన్ పెట్టుకొని బయల్దేరడం మేలు. ఆన్‌లైన్ కొనుగోళ్లు, తాకించి చెల్లించే సౌకర్యం కొన్ని కార్డుల్లో మొదట ఆపేసి ఉంటాయి. యాప్‌లోకి వెళ్లి వాటిని తెరవాలి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది మాత్రం ఫోన్ నంబరు దగ్గర. పిన్ మార్చాలన్నా, ఆన్‌లైన్‌లో కొనాలన్నా ఓటీపీ భారతీయ నంబరుకే వస్తుంది. అక్కడికెళ్లి కొత్త సిమ్ వేసుకొని పాతది తీసి సూట్‌కేసు అడుగున పడేస్తే ఓటీపీ రాదు. పాత సిమ్‌కు రోమింగ్‌లో సందేశాలు అందేలా చూసుకోవడం, ఓటీపీ ఈమెయిల్‌కు కూడా వచ్చేలా బ్యాంకులో రాయించుకోవడం ఇంట్లో ఉన్నప్పుడే చేసుకోవాల్సిన పనులు.

ఇక దుకాణం. లీడ్స్‌లో దిగిన మర్నాడు ఆ అమ్మాయి 40 పౌండ్లకు దుప్పటి, దిండు కొని కార్డును మెషిన్‌లో పెట్టింది. రెండు మూడు సెకన్లలో జరిగేది ఇది. మెషిన్ ఆ వివరాలను దుకాణం బ్యాంకుకు పంపుతుంది, అక్కడి నుంచి వీసా లేదా మాస్టర్‌కార్డ్ నెట్‌వర్క్ ద్వారా ప్రశ్న భారతదేశంలోని జారీ బ్యాంకుకు చేరుతుంది. ఆ సందేశంలో మొత్తంతో పాటు అది ఏ దేశపు డబ్బో చెప్పే మూడంకెల సంఖ్య ఉంటుంది. పౌండుకు 826, యూరోకు 978, డాలరుకు 840, రూపాయికి 356. జారీ బ్యాంకు కంప్యూటరు ఈ సంఖ్యను చూసి కార్డులో దానికి సరిపడే అర ఉందా అని వెతుకుతుంది. ఈ అరనే వాలెట్ అంటారు. ఒకే కార్డులో పౌండ్లకొకటి, యూరోలకొకటి, డాలర్లకొకటి ఇలా పలు వాలెట్లు ఉండవచ్చు. 826 వచ్చింది, పౌండ్ల వాలెట్‌లో 1,500 ఉన్నాయి, 40 పక్కన పెట్టి సరేనని జవాబిస్తుంది. మారకం జరగలేదు, రుసుము లేదు. వాలెట్‌లో సరిగ్గా 1,460 మిగులుతాయి.

సంఖ్య సరిపడనప్పుడే ఖర్చు మొదలవుతుంది. క్రిస్మస్ సెలవుల్లో స్నేహితులతో డబ్లిన్ వెళ్లిన ఆ అమ్మాయి అక్కడ 60 యూరోల బిల్లు కట్టిందనుకుందాం. సందేశంలో వచ్చింది 978. కార్డులో యూరో వాలెట్ ఖాళీ. అప్పుడు బ్యాంకు పౌండ్ల వాలెట్‌లోంచి తీస్తుంది, కానీ మారకానికి రుసుము వేస్తుంది. చాలా కార్డుల్లో ఇది 3.5 శాతం దాకా ఉంటుంది. పౌండుకు 1.15 యూరోలని అనుకుంటే 60 యూరోలకు 52.17 పౌండ్లు సరిపోవాలి, రుసుముతో కలిపి 54 పౌండ్లు పోతాయి. వెళ్లడానికి ముందే యాప్‌లో కొన్ని పౌండ్లను యూరో వాలెట్‌లోకి మార్చుకోవచ్చు, అయితే దానికి కూడా బ్యాంకు తన రేటే వాడుతుంది. ఏది చవకో యాప్ చూపించే రేటును చూసి తేల్చుకోవాలి. రెండు రోజుల ప్రయాణానికి ఈ తేడా పెద్దది కాదు. ఒక సెమిస్టర్ వేరే దేశంలో చదివేవారికైతే ఆ దేశపు డబ్బును నేరుగా రూపాయలతోనే నింపించడం నయం. అడ్డరుసుము లేదని ప్రకటించే కార్డులు కూడా ఉన్నాయి. వాటిలోనూ నింపేటప్పుడు ఇచ్చే రేటును చూడాలి, ఎందుకంటే అక్కడ వదిలింది ఇక్కడ రాబట్టుకునే వీలుంది.

ఇంతకన్నా పెద్ద ఉచ్చు అదే దేశంలో, అదే నగరంలో, కౌంటరు మీద ఎదురవుతుంది. కార్డు నంబరులోని మొదటి అంకెలను బట్టి అది భారతదేశంలో జారీ అయినదని మెషిన్‌కు తెలిసిపోతుంది. దాని వెనుక రూపాయల ఖాతా ఉంటుందని ఊహించి తెర మీద రెండు మాటలు చూపిస్తుంది: GBP, INR. బిల్లు పౌండ్లలో కడతారా, రూపాయల్లో కడతారా అని ప్రశ్న. పక్కనే రూపాయల్లో ఎంతో రాసి ఉంటుంది. ఇంటి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు రూపాయల అంకె పరిచయమైనది, ధైర్యం ఇచ్చేది. దాన్నే నొక్కుతారు. కార్డులో రూపాయలే లేవన్న సంగతి ఆ క్షణంలో తట్టదు.

అదే 40 పౌండ్ల బిల్లును ఈ దారిలో చూద్దాం. మెషిన్ మార్కెట్ కన్నా 5 శాతం ఎక్కువ రేటు, అంటే పౌండుకు 123.90 వేసిందనుకుంటే బిల్లు 4,956 రూపాయలు. సందేశంలో ఇప్పుడు 826 కాక 356 వెళ్తుంది. జారీ బ్యాంకుకు రూపాయల వాలెట్ లేదు. 4,956 రూపాయలను తిరిగి పౌండ్లుగా మారుస్తుంది. 118 చొప్పున 42 పౌండ్లు, దాని మీద 3.5 శాతం అడ్డరుసుము 1.47, మొత్తం 43.47. పౌండ్లు రూపాయలై, మళ్లీ పౌండ్లై, దారిలో 3.47 పౌండ్లు అరిగిపోయాయి. అమ్మాయి వాటిని కొన్న ధర ప్రకారం 416 రూపాయలు. వస్తువు మారలేదు, దుకాణం మారలేదు, నొక్కిన బటన్ ఒక్కటే మారింది. కొన్ని బ్యాంకులు తమ ఫారెక్స్ కార్డుల మీద రూపాయల లావాదేవీలను అసలే ఒప్పుకోవు. అప్పుడు మెషిన్ ‘తిరస్కరించబడింది’ అంటుంది. నిల్వ ఉండగా కార్డు పనిచేయకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

దుకాణంలో పనిచేసేవారు కొన్నిసార్లు కస్టమరు తరఫున తామే INR నొక్కేస్తారు. రసీదు చూస్తే తెలిసిపోతుంది. దాని మీద పౌండ్ల మొత్తంతో పాటు రూపాయల మొత్తం, మారకపు రేటు కనిపిస్తే మారకం జరిగినట్టే. దుకాణం వదలకముందే ఆ చెల్లింపును రద్దు చేసి పౌండ్లలో మళ్లీ కట్టించుకోమని అడగడం కస్టమరు హక్కు. ఇంటికి వచ్చాక దాన్ని సరిచేయించుకోవడం చాలా కష్టం, ఎందుకంటే కాగితం మీద కస్టమరు ఒప్పుకున్నట్టే ఉంటుంది.

ఏటీఎం దగ్గర ఇదే ప్రశ్న మాట మార్చుకొని వస్తుంది. పిన్ కొట్టి, మొత్తం ఎంచుకున్నాక తెర మీద ఒక మారకపు రేటు, దాని కింద రెండు బటన్లు కనిపిస్తాయి: With conversion, Without conversion. కొన్ని యంత్రాల మీద Accept conversion, Decline conversion అని ఉంటుంది. రెండోది నొక్కితే లావాదేవీ ఆగిపోతుందేమోనని భయపడి చాలామంది మొదటిది ఎంచుకుంటారు. ఆగదు. మారకాన్ని కాదంటే యంత్రం పౌండ్లలోనే డబ్బు ఇస్తుంది, 826 సందేశమే వెళ్తుంది.

మారకాన్ని తప్పించుకున్నా ఏటీఎం వాడకానికి రుసుములు రెండు రకాలుగా పడతాయి. ఒకటి జారీ బ్యాంకు ప్రతి డ్రాకు తీసుకునేది. ఇది ఒక్కో వాలెట్‌కు స్థిరంగా ఉంటుంది, కార్డుతో ఇచ్చే రుసుముల కాగితంలో రాసి ఉంటుంది. రెండోది ఆ యంత్రం యజమాని తీసుకునేది. బ్రిటన్‌లో బ్యాంకుల గోడల్లో ఉండే యంత్రాల్లో చాలావాటికి ఇది ఉండదు, చిన్న కొట్లలో, పెట్రోలు బంకుల్లో ఉండే ప్రైవేటు యంత్రాలకు ఉండవచ్చు. అమెరికాలో వేరే బ్యాంకు కార్డుకు రుసుము వేయడం మామూలు విషయం. యంత్రం రుసుమును ముందే తెర మీద చెబుతుంది, వద్దనుకుంటే అక్కడే ఆపేయవచ్చు. జారీ బ్యాంకు రుసుము మాత్రం తెర మీద కనిపించదు, వాలెట్ నుంచి నేరుగా పోతుంది. అది డ్రాకు ఒకటిన్నర పౌండు అనుకుంటే, వారంలో ఐదుసార్లు 20 పౌండ్ల చొప్పున తీస్తే ఏడున్నర పౌండ్లు పోతాయి, 100 పౌండ్లు ఒకేసారి తీస్తే ఒకటిన్నరే. బ్రిటన్‌లో కూరగాయల కొట్టు నుంచి బస్సు దాకా కార్డే నడుస్తుంది కాబట్టి అసలు ఏటీఎం మెట్టెక్కే అవసరమే తక్కువ.

కనిపించని ఆ రుసుము వల్ల మరో చిక్కు వస్తుంది. వాలెట్‌లో సరిగ్గా 100 పౌండ్లు ఉన్నాయి, 100 అడిగారు, యంత్రం కాదంది. కార్డు పాడైందని కంగారు పడనక్కర్లేదు. 100 మీద రుసుము కూడా వాలెట్‌లోంచే రావాలి, దానికి చోటు లేదు. 90 అడిగితే ఇస్తుంది. అమెరికా యంత్రాలు Checking, Savings, Credit అని ఖాతా రకం అడిగినప్పుడు ఏది నొక్కాలో కార్డుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఒకటి పని చేయకపోతే మరొకటి ప్రయత్నించవచ్చు, కానీ పిన్ మాత్రం తప్పు కొట్టకూడదు. మూడుసార్లు తప్పితే కార్డు నిలిచిపోతుంది. డబ్బు బయటికి రాకుండానే వాలెట్‌లో తగ్గిందంటే రసీదును, లేకపోతే యంత్రం ఉన్న చోటు, సమయం వివరాలను దాచుకోవాలి. తరచూ ఇది దానంతటదే తిరిగి జమ అవుతుంది. కొద్ది రోజుల్లో కాకపోతే జారీ బ్యాంకులో ఫిర్యాదు రాయించాలి, అక్కడి ఏటీఎం బ్యాంకు తలుపు తట్టి ప్రయోజనం లేదు.

యాప్‌లోని నిల్వ, కొన్న వస్తువుల మొత్తం ఒక్కోసారి పొంతన కుదరవు. కారణం చాలాసార్లు తాత్కాలికంగా పక్కన పెట్టిన డబ్బు. ఎడిన్‌బరో వెళ్లి హోటల్‌లో గది తీసుకుంటే బిల్లుతో పాటు నష్టపరిహారపు పూచీగా 150 పౌండ్లు పక్కన పెట్టవచ్చు. ఖాళీ చేశాక హోటల్ వదిలేసినా, ఆ విడుదల సందేశం నడిచి వచ్చేసరికి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. ఈలోపు ఆ 150 ఉండీ లేనట్టే. క్రెడిట్ కార్డు ఉన్నవారికి ఇది తెలియను కూడా తెలియదు, నెల ఖర్చంతా వాలెట్‌లోనే ఉన్న విద్యార్థికి తిండి మీదకు వస్తుంది. పెట్రోలు బంకు యంత్రాలు, అద్దె కార్ల వాళ్లు కూడా ఇలాగే చేస్తారు. అలాంటి చోట్ల పూచీకి వేరే కార్డు చూపించి, చివరి బిల్లును ఫారెక్స్ కార్డుతో కట్టడం తెలిసినవారు చేసే పని.

దీనికి తిరగబడిన పరిస్థితి బస్సుల్లో, రైళ్లలో వస్తుంది. లండన్ మెట్రో గేటు దగ్గర కార్డు తాకించినప్పుడు గేటు ఎదుట ప్రశ్న మన దేశం దాకా వెళ్లి వచ్చేంత సమయం ఉండదు. గేటు తెరుచుకుంటుంది, ఆ రోజు ప్రయాణాల లెక్క తర్వాత కడతారు. అప్పటికి వాలెట్ ఖాళీ అయితే బాకీ మిగులుతుంది, అది తీర్చేదాకా ఆ కార్డుకు గేటు తెరుచుకోదు. ఉదయం అందరూ తోసుకొస్తుండగా గేటు దగ్గర ఆగిపోయిన కార్డు వెనుక చాలాసార్లు నిన్నటి రెండు పౌండ్ల బాకీ ఉంటుంది.

వాలెట్ అడుగంటినప్పుడు ఇంటి నుంచి మళ్లీ నింపవచ్చు. తండ్రి తన బ్యాంకు ఖాతాలోంచి ఆన్‌లైన్‌లో ఏ-2 వివరాలు ఇచ్చి పంపితే, పని దినాల్లో అయితే కొద్ది గంటల నుంచి ఒక రోజులో పౌండ్లు పడతాయి. ప్రతిసారీ ఆ రోజు రేటు, దాని మీద జీఎస్టీ, వర్తిస్తే టీసీఎస్. జీఎస్టీకి కనీసపు లెక్క ఉన్నందువల్ల మరీ చిన్న మొత్తాలను మాటిమాటికీ పంపడం దండగ. ఏప్రిల్ వస్తే పది లక్షల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. కాబట్టి మార్చి చివరి వారంలో నింపబోయేవారు, అత్యవసరం కాకపోతే, నాలుగు రోజులు ఆగితే టీసీఎస్ పడకపోవచ్చు. ఆ లెక్క పాన్‌ను బట్టి నడుస్తుంది గనుక, తల్లికి సొంత సంపాదన ఉంటే ఆమె ఖాతా నుంచి పంపే డబ్బుకు ఆమె పది లక్షలు వేరుగా ఉంటాయి.

పోయిన కార్డు మాట కూడా చెప్పుకోవాలి. చాలా బ్యాంకులు కిట్‌లో రెండు కార్డులు ఇస్తాయి, ఒకటి పోతే రెండోది వాడుకోవడానికి. ఆ రెండూ ఒకే పర్సులో పెట్టుకుంటే ఇచ్చిన ఉద్దేశమే పోతుంది. ఒకటి గదిలో పెట్టెలో ఉండాలి. పోయిందని తెలిసిన నిమిషంలో యాప్‌లో ఆపేసి, తర్వాత బ్యాంకుకు ఫోన్ చేయాలి. డబ్బు ప్లాస్టిక్ ముక్కలో ఉండదు, బ్యాంకు పుస్తకాల్లో ఉంటుంది. కాబట్టి సమయానికి ఆపిన కార్డు పోయినా నోట్ల కట్ట పోయినట్టు కాదు.

ఈ కార్డు ఏడాది పొడవునా మోయడానికి కాదు. లీడ్స్‌లో స్థానిక బ్యాంకు ఖాతా తెరిచాక అద్దె, ఫోను బిల్లు, పార్ట్‌టైమ్ పని జీతం అన్నీ అటు వెళ్తాయి. నెలనెలా ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్టే పద్ధతికి అక్కడి ఖాతా నంబరే కావాలి, ఫారెక్స్ కార్డు చాలదు. ఖాతా తెరవడానికి చిరునామా ఆధారం, విశ్వవిద్యాలయం ఉత్తరం సమకూరేసరికి కొన్ని వారాలు గడవవచ్చు. 1,500 పౌండ్లు నింపింది ఆ వారాల కోసమే.

చివరికి మిగిలే చిల్లర సంగతి. కార్డు భారతదేశంలో, నేపాల్, భూటాన్‌లలో పనిచేయదు. తిరిగి వచ్చాక వాలెట్‌లో 90 పౌండ్లు మిగిలితే బ్యాంకు వాటిని కొనే రేటుకు తీసుకుంటుంది. అమ్మే రేటు 120 ఉన్న రోజున కొనే రేటు 116 అయితే పౌండుకు నాలుగు రూపాయలు పోతాయి. మళ్లీ విదేశానికి వెళ్లే ఆలోచన లేనివారు తిరిగివచ్చిన 180 రోజుల్లో మిగిలిన విదేశీ డబ్బును అప్పగించాలని నియమం. చాలాకాలం వాడని కార్డు మీద కొన్ని బ్యాంకులు నిల్వలోంచే రుసుము తీస్తాయి కాబట్టి అరలో పడేసి మరిచిపోకూడదు. అన్నిటికన్నా చవకైన దారి బయల్దేరే ముందు ఆ దేశంలోనే ఖాళీ చేయడం. సరుకుల కొట్టులో బిల్లు 31 పౌండ్లు, వాలెట్‌లో 12.40 ఉంటే, ‘ఈ కార్డులో 12.40 తీసుకోండి, మిగతాది ఇంకో కార్డులో’ అని క్యాషియరుకు ముందే చెప్పాలి. చెప్పకుండా పెడితే మెషిన్ మొత్తం 31 అడిగి, లేదని తిప్పి పంపేస్తుంది. చెప్పి పెడితే వాలెట్ సున్నాకు వస్తుంది, ఆ తర్వాత కార్డును బ్యాంకులో మూసేయించవచ్చు.